మొదటి ఉద్యోగానికి ప్రొఫెసర్ సిఫార్సు లేఖ: అమెరికాలో ఎలా అడగాలి?

మన దగ్గర చాలా కాలేజీల్లో సిఫార్సు లేఖ విద్యార్థే రాసుకెళ్తే సారు సంతకం పెట్టి ఇచ్చేస్తారు. అమెరికాలో ఎం.ఎస్. ముగించబోతున్నవాళ్లు ఆ అలవాటు మానుకోవాలి. ఇక్కడ ప్రొఫెసరే రాస్తారు, తరచుగా తనే నేరుగా పంపిస్తారు. రాసిన లేఖ తీసుకెళ్తే కొందరు నొచ్చుకుంటారు.

ముందు ఉద్యోగ ప్రకటన సరిగ్గా చదవండి. ప్రైవేటు కంపెనీలు ఎక్కువగా లేఖ అడగవు, రిఫరెన్సుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసుకుని చివర్లో మాట్లాడతాయి. యూనివర్సిటీలు, రీసెర్చ్ ల్యాబుల్లో మాత్రం లేఖ అడగడం మామూలే. రిఫరెన్సుగా పేరు ఇచ్చేముందు కూడా ప్రొఫెసర్‌ను అడగాల్సిందే.

ఎవరిని అడగాలన్నదే అసలు విషయం. సివిల్ చదివే అమ్మాయి ఒక ల్యాబ్‌లో కాంక్రీటు పరీక్షల ఉద్యోగానికి అప్లై చేస్తోందనుకుందాం. వందమంది ఉన్న క్లాసులో ఆమెకు ఎ గ్రేడ్ ఇచ్చిన డిపార్ట్‌మెంట్ హెడ్ ఉన్నారు. ఆయన రాయగలిగేది "బాగా చదివింది, ఎ వచ్చింది" అన్న మాటే, అది ట్రాన్స్‌క్రిప్ట్‌లోనే ఉంది. ప్రాజెక్టు చేయించిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మాత్రం, కాంక్రీటు సిలిండర్ల బలం ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తే ఆమె లెక్కలు సర్దకుండా, కాంక్రీటును తడిగా ఉంచే క్యూరింగ్‌లో తేడా ఉందని కనిపెట్టి మళ్లీ పోత పోయించిందని రాయగలరు. పెద్ద హోదా కన్నా ఈ ఒక్క సంగతికే విలువెక్కువ. నా మాట నమ్మి రెండో ఆయన్నే అడగండి.

గడువుకు మూడు, నాలుగు వారాల ముందే మెయిల్ పెట్టండి. "ఈ ఉద్యోగానికి నా గురించి బలంగా రాయగలరా?" అని సూటిగా అడగండి. "నాకు మీ పని అంతగా తెలియదు" అన్నా, మాట దాటేసినా అది మర్యాదగా కాదనడమే. బతిమాలకుండా ఇంకొకరిని చూసుకోండి. ఒప్పుకుంటే రెజ్యూమె, ఉద్యోగ ప్రకటన, పంపాల్సిన తీరు, గడువు తేదీ ఒకే మెయిల్‌లో పెట్టండి. దాంతోపాటు వారి దగ్గర చేసిన పనిలో రెండు మూడు సంఘటనలు నాలుగైదు వాక్యాల్లో గుర్తుచేయండి. సొంతంగా లేఖ రాసివ్వడం కన్నా ఇదే వారికి ఎక్కువ సాయం.

తెలియక చాలామంది ఆగిపోయేది ఇంకోటుంది. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం మీ గ్రేడ్లు, జీపీఏ లేఖలో రాయాలంటే మీ సంతకంతో అనుమతి కావాలి. ప్రొఫెసర్ తాను కళ్లారా చూసింది రాయడానికి అక్కర్లేదు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఫారం ఉందేమో కనుక్కుని ముందే ఇచ్చేయండి. లేఖ చూసే హక్కు వదులుకుంటారా అని ఎక్కడైనా అడిగితే వదులుకోవడమే మేలు. విద్యార్థి చూడని లేఖను చదివేవాళ్లు ఎక్కువగా నమ్ముతారు.

వీసా సంగతులు, ఇంటి ఇబ్బందులు రాయమని అడగకండి. గడువుకు వారం ముందు ఒక్కసారి గుర్తుచేస్తే చాలు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ కబురు ప్రొఫెసర్‌కు చెప్పండి.