బతుకమ్మ ఫొటోలు పెట్టే ముందు: ఇంట్లో టీనేజీ పిల్లలుంటే ఇవి చూసుకోండి

సద్దుల బతుకమ్మ దగ్గరికొచ్చింది. పాలమూరైనా నల్లగొండైనా ఆ రాత్రి స్టేటస్‌ల నిండా ఫొటోలే.

• పిల్లను అడగకుండా రంగు తెల్లగా చేయొద్దు, బుగ్గలు సన్నం చేయొద్దు. అన్నిట్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. పదమూడేళ్ల పిల్లకు అది "నువ్వున్నట్టు బాగలేవు" అని కన్నతల్లి చెప్పినట్టే ఉంటుంది. కింద "ఎంత బాగుందో" అని వచ్చే మెచ్చుకోళ్లు తనకు కాదని, ఆ మార్చిన ముఖానికని ఆమెకు తెలుసు.

• ఫొటో తీసేముందే కెమెరాలో బ్యూటీ మోడ్ ఆపండి. చాలా ఫోన్లలో అది మనం పెట్టకుండానే పనిచేస్తుంటుంది. పుట్టుమచ్చ, మొటిమ మాయమైతే అది ఆన్‌లో ఉన్నట్టే.

• సెల్ఫీ బదులు ఐదడుగుల దూరం నుంచి ఇంకొకరితో తీయించండి. ముఖానికి అడుగు దూరంలో ఫోన్ పెడితే ముక్కు అసలుకంటే వెడల్పుగా పడుతుంది. పిల్లలు అది తమ లోపమనుకుంటారు.

• చీకటిగా ఉంటే ఫొటో మొత్తానికి వెలుతురు పెంచండి, ముఖానికొక్కదానికే కాదు. తంగేడు పసుపు వెలిసిపోతోందంటే ఎక్కువైనట్టు, కొంచెం తగ్గించండి. అంచులు కత్తిరించుకోవచ్చు.

• ఇతరుల ఫొటోలో నడుము పక్కన గుమ్మం, స్తంభం వంకరగా కనిపిస్తే పిల్లలకు చూపించండి. నడుము సన్నం చేసిన గుర్తది. తమను దానితో పోల్చుకోవడం కొంత తగ్గుతుంది.

• ఫిల్టర్ లేకుండా ఫొటోకే రానంటున్నా, తిండి తగ్గించినా తిట్టొద్దు, పోలిక తేవొద్దు. కూర్చోబెట్టి వినండి. వారాలు గడిచినా అలాగే ఉంటే డాక్టరుకు చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితమే.