సెలవు మెయిల్‌లో నేను మార్చిన వాక్యాలు

మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ ఔట్‌లుక్‌లో "19 వరకు సెలవులో ఉన్నాను, వచ్చాక చూస్తాను" అని పెట్టాను. సోమవారం గచ్చిబౌలిలో ఆఫీసుకి వచ్చేసరికి ఉదయం పదింటికే క్లయింట్ కాల్ నడుస్తోంది. 19న ఉంటానని ఆయన అనుకున్నారు, 20న అని మా టీమ్ అనుకుంది. "వరకు" అనే మాటతోనే వచ్చింది చిక్కంతా.

ఇప్పుడు ఇలా రాస్తున్నాను: "జనవరి 14 నుంచి 18 వరకు సెలవు. 19, సోమవారం ఉదయం 10 గంటలకు పనిలో ఉంటాను. ఈ మధ్యలో వచ్చే మీటింగ్ ఆహ్వానాలను ఒప్పుకోలేను, 20 లేదా ఆ తర్వాతి సమయం పంపండి. ఈలోపే తప్పనిసరైతే, మీటింగ్ సమయాల కోసం మాత్రం మా టీమ్ కోఆర్డినేటర్‌కు ఈ అడ్రస్‌కి రాయండి."

ఆ "మాత్రం" లేకపోతే ప్రతి చిన్న సందేహమూ పాపం ఆమె మీదే పడుతుంది. ముందే ఆమెను అడిగి, నా క్యాలెండర్ చూసే అనుమతి ఇచ్చాను.

మెయిల్ జవాబు వెళ్లినంత మాత్రాన మీటింగ్ రద్దు కాదు. వెబ్‌లోనూ కొత్త ఔట్‌లుక్‌లోనూ `Automatic Replies`లోనే కొత్త ఆహ్వానాలను తిరస్కరించే టిక్కు ఉంటుంది, అదీ పెట్టాలి. ముందే ఒప్పుకున్న మీటింగులకు మాత్రం అక్కడే వేరే టిక్కు పెట్టాలి, లేదంటే విడిగా చెప్పుకోవాలి.