బ్రోచర్‌లో బుల్లెట్ పాయింట్లు తడబడుతున్నాయా? సమస్య - పరిష్కారం

బెంగళూరులో మారతహళ్ళి వైపు తెలుగు అమ్మాయిలు ఎక్కువగా ఉండే ఒక పీజీ కోసం ఈమధ్య మూడు మడతల బ్రోచర్ తయారుచేశాను. యజమానురాలు రాసి ఇచ్చిన జాబితా ఇది:

మా పీజీలో సౌకర్యాలు
• రోజూ మూడు పూటలా ఆంధ్ర భోజనం
• వైఫై ఉంది
• మీ గదులను మా సిబ్బంది వారానికి రెండుసార్లు శుభ్రం చేస్తారు
• అడ్వాన్స్‌గా రెండు నెలల అద్దె చెల్లించండి
• రాత్రంతా గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు కాబట్టి భయపడాల్సిన పని లేదు

సమస్య: ప్రతి పాయింటు దగ్గరా చదవడం ఆగుతోంది

కారణం తెలుసుకోవడానికి పాయింట్ల చివరి మాటలను మాత్రమే పై నుంచి కిందికి చదవండి. భోజనం, ఉంది, చేస్తారు, చెల్లించండి, లేదు. ఒకటి నామవాచకం, ఒకటి ఆజ్ఞ, మిగిలినవి పూర్తి వాక్యాలు. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి పొంతన తప్పితే అక్కడే బయటపడుతుంది.

ఏ రూపానికి మార్చాలో శీర్షిక చెబుతుంది. ‘సౌకర్యాలు’ అన్నాం కనుక కింద వచ్చేవన్నీ వస్తువుల పేర్లో సేవల పేర్లో కావాలి. శీర్షిక ‘గదిలో చేరేముందు’ అయితే ‘తీసుకురండి’, ‘చెల్లించండి’ అని అన్నీ విధిరూపంలో ఉండాలి.

ఇలా మారుస్తుంటే అడ్వాన్స్ పాయింటు ఎంతకీ లొంగలేదు. అడ్వాన్స్ సౌకర్యం కాదు, షరతు. వ్యాకరణానికి లొంగని పాయింటు చాలాసార్లు ఆ జాబితాకు చెందనిదే అయి ఉంటుంది. దాన్ని అద్దె వివరాల కిందికి పంపాను. క్లుప్తత పేరుతో ‘రెండు నెలల’ అనే మాటను మాత్రం తీసేయకూడదు. చేరే అమ్మాయి ముందుగా తెలుసుకోవలసింది అదే.

శుభ్రం చేసే పాయింటు దగ్గర కొంత ఆలోచించాల్సి వచ్చింది. ‘గదులను శుభ్రం చేయడం’ అంటే రూపం సరిపోతుంది కానీ పొడవు, బరువు రెండూ పెరుగుతాయి. ‘గదుల శుభ్రత’ అంటే పని పోయి గుణం మిగులుతుంది. పీజీల్లో అందరూ అనే ‘క్లీనింగ్’ నాకు సరైనదనిపించింది.

సమస్య: రూపం కుదిరింది, అయినా కావలసింది దొరకడం లేదు

సవరించాక జాబితా ఇలా వచ్చింది: మూడు పూటలా ఆంధ్ర భోజనం, అన్ని గదుల్లో వైఫై, వారానికి రెండుసార్లు గదుల క్లీనింగ్, గేటు దగ్గర రాత్రంతా వాచ్‌మన్. వ్యాకరణంలో తప్పు లేదు. కానీ చూపు ముందుగా ఎడమ అంచు మీద పడుతుంది, అక్కడ కనిపిస్తున్నవి ‘మూడు’, ‘అన్ని’, ‘వారానికి’, ‘గేటు’. వైఫై ఉందా అని వెతికే మనిషి ప్రతి పంక్తినీ చివరిదాకా చదవాలి. తెలుగులో విశేషణాలు ముందు, అసలు మాట వెనుక రావడమే దీనికి కారణం. పంక్తుల చివరలు కలిపితే చాలదు, మొదళ్ళు కూడా చూడాలి.

అందుకే అసలు మాటను ముందుకు తెచ్చి, వివరాన్ని దాని పక్కన పెట్టాను:

• భోజనం: ఆంధ్ర వంట, మూడు పూటలా
• వైఫై: అన్ని గదుల్లో, 24 గంటలూ
• క్లీనింగ్: ప్రతి గదికీ, వారానికి రెండుసార్లు
• వాచ్‌మన్: గేటు దగ్గర, రాత్రంతా

వైఫై ఎప్పుడెప్పుడు ఉంటుందో యజమానురాలిని అడిగి తెలుసుకున్నాకే ‘24 గంటలూ’ అని చేర్చాను. పొంతన కోసం లేని హామీ ఇవ్వకూడదు. ఇప్పుడు ప్రతి వివరంలోనూ ముందు ఏమిటో ఎక్కడో, తర్వాత ఎప్పుడో ఉన్నాయి. ఒక్క పాయింటులో ఈ వరుస తిరగబడినా మళ్ళీ తడబాటు మొదలవుతుంది.

సమస్య: ఒక పాయింటు మాత్రం రెండో పంక్తిలోకి జారుతోంది

సాధారణంగా అందులో ఒక కారణమో షరతో దాగి ఉంటుంది. పై జాబితాలో ‘కాబట్టి భయపడాల్సిన పని లేదు’ అలాంటిదే. వాచ్‌మన్ ఉన్నాడని తెలిస్తే ఆ ధైర్యం చదివేవారికి దానంతటదే వస్తుంది. తీసేయవచ్చు. తీయలేని షరతు అయితే జాబితా కింద విడి వాక్యంగా రాయాలి.

పొడవును కంప్యూటర్ చూపే అక్షరాల లెక్కతో కొలవకండి. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు. కాగితం మీద పట్టే వెడల్పు ఒక్కటే లెక్క. అడ్డంగా పెట్టిన ఏ4 కాగితాన్ని మూడుగా మడిస్తే ఒక్కో భాగానికి 99 మిల్లీమీటర్లు వస్తుంది. లోపలికి మడిచే భాగాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గిస్తాం. అంచులూ బుల్లెట్ గుర్తూ పోగా మిగిలేది ఇంకా తక్కువ. అసలు సైజులో ఒక ప్రతి తీసి, మడిచి చూడండి. తెరమీద ఒదిగిన ‘వారానికి రెండుసార్లు’ కాగితం మీద విరిగితే, నేనైతే అక్షరాల సైజు తగ్గించను. ‘వారానికి 2 సార్లు’ అని మారుస్తాను.