ఆఫీసు తెలుగు, 6వ పాఠం: ‘మేము’ ఎవరు, ‘మనం’ ఎవరు

పోయిన పాఠంలో ఈమెయిళ్లలోంచి ‘బడింది’ని తీసేయమన్నాను. తీసేశారు. మీరు పంపిన అభ్యాసాల్లో ‘మీటింగ్ వాయిదా వేయబడింది’, ‘మీ ఇన్వాయిస్ స్వీకరించబడింది’ లాంటివి మచ్చుకైనా లేవు. కానీ ఖాళీ అయిన ఆ చోటులోకి ఇంకొకటి వచ్చి కూర్చుంది. ‘మేము మీ ఇన్వాయిస్‌ను స్వీకరించాము. మేము దానిని పరిశీలిస్తున్నాము. మేము మీకు త్వరలో తెలియజేస్తాము.’ చదువుతుంటే ఎవరో ప్రమాణ స్వీకారం చేస్తున్నట్టుంది.

పని ఎవరు చేశారో చెప్పమన్న మాట నిజమే. అది చెప్పడానికి తెలుగులో క్రియ చివర చాలు. ‘పంపాం’ అనగానే పంపింది ఇటువైపు వాళ్లని తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ‘వియ్’ లేకపోతే వాక్యం నిలబడదు కాబట్టి వాళ్లు ప్రతిసారీ రాస్తారు. మనకి ఆ అవసరం లేదు. ‘ఇన్వాయిస్ అందింది. చూస్తున్నాం. బుధవారానికల్లా చెబుతాం.’ అంతే.

ఈ పాఠంలో ఈమెయిల్ ముగింపుల గురించి చెబుదామనుకున్నాను. ‘బెస్ట్ రిగార్డ్స్’ని ‘ఉత్తమ గౌరవాలు’ అని రాసినవాళ్లు వచ్చే పాఠం దాకా ‘నమస్కారాలతో’ అని పెట్టుకోండి. ‘ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్’ని మళ్లీ చెప్పను. ‘ఫైలు జతచేశాను, చూడండి’ అంటే సరిపోతుంది. దాంట్లో ‘కనుగొనడానికి’ ఏమీ లేదు.

‘మేము’ రాయకుండానే ‘బడింది’ని తప్పించడానికి ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి, తనంతట తాను జరిగినట్టు చెప్పే క్రియ. ‘పూర్తి చేయబడుతుంది’ బదులు ‘పూర్తవుతుంది’, ‘మార్చబడింది’ బదులు ‘మారింది’. రెండోది, కర్త లేకుండా ‘రు’తో ముగించడం. ‘జీతాలు 1వ తేదీన ఇస్తారు’ అంటే ఎవరిస్తారని ఎవరూ అడగరు. ప్రభుత్వ ఉత్తర్వుల్లో కనిపించే ‘తెలియజేయడమైనది’ కూడా కర్త లేకుండా నడిచేదే. ఉత్తర్వులకు బాగుంటుంది. అట్టపెట్టెల ఆర్డర్‌కి వద్దు.

మొదటి దారిలో ఒక మెలిక ఉంది. ‘రేట్లు పెరిగాయి’ అంటే అవే పెరిగినట్టు, ‘రేట్లు పెంచాం’ అంటే మీరు పెంచినట్టు. పెంచింది మీరే అయినప్పుడు పాత ఖాతాదారుకి ‘పెరిగాయి’ అని రాస్తే ఆయన నవ్వుకుంటాడు. అలాంటిచోట నేనైతే ‘పెంచాం’ అనే రాసి, పక్కనే కారణం చెబుతాను.

ఇక అసలు చిక్కుకి వద్దాం. ఇంగ్లీషు ‘వియ్’ ఒక్కటే. మనకి రెండున్నాయి: చదివేవాళ్లని కలుపుకుంటే ‘మనం’, వాళ్లని బయట పెడితే ‘మేము’. ఇది మీకు తెలీదని కాదు. ఇంట్లో ఎవరూ తప్పరు. ‘మేము సినిమాకి వెళ్తున్నాం’ అంటే నువ్వు రావట్లేదని చిన్న పిల్లాడికి కూడా అర్థమై ఏడుపు మొదలుపెడతాడు. అదే మనిషి పెద్దయి ఇంగ్లీషు మెయిల్ ముందు పెట్టుకుని తెలుగు రాసేటప్పుడు ‘వియ్’ కనబడ్డ ప్రతిచోటా ‘మేము’ దించేస్తాడు. వాడుక కన్నడలో ‘నావు’ ఒక్కటే, హిందీలో ‘హమ్’ ఒక్కటే కాబట్టి బెంగళూరులోనో ఉత్తరాదిలోనో పెరిగినవాళ్లు తడబడితే అర్థముంది. తమిళంలో మనలాగే ‘నామ్’, ‘నాంగళ్’ అని రెండూ ఉన్నాయి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పుట్టి పెరిగినవాళ్లకి మాత్రం ఏ సాకూ లేదు.

మీరు పంపిన వాటిలోంచి ఒక మెయిల్ తీసుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లోని ఒక ఆఫీసు తనకి అట్టపెట్టెలు సరఫరా చేసే ఆయనకి రాస్తోంది.

‘మేము సోమవారం చర్చించినట్లు, మేము పర్చేజ్ ఆర్డర్‌ను సవరించాము. మేము దీనిని శుక్రవారం లోపు ముగించాలి. మా రవాణాదారు మిమ్మల్ని సంప్రదిస్తాడు. మీరు పరిమాణాన్ని ధ్రువీకరిస్తే మేము అభినందిస్తాము. నా మేనేజర్ ఈ మెయిల్‌లో కాపీ చేయబడ్డారు.’

ఆ చివరి ‘చేయబడ్డారు’ని నేను చూడలేదనుకుందాం.

మొదటి ‘మేము’ చూడండి. సోమవారం మాట్లాడుకుంది ఈయనతోనే. ‘మేము చర్చించినట్లు’ అంటే మీరు లేని గదిలో మా వాళ్లందరం కూర్చుని మీ గురించి మాట్లాడుకున్నాం అని అర్థం. చదివిన ఆయనకి ‘నాకెవరూ చెప్పలేదే’ అని టెన్షన్ పట్టుకుంటుంది. ఇక్కడ ‘మనం’ పెడితే ఒప్పే. నాకు మాత్రం ‘సోమవారం ఫోన్లో అనుకున్నట్టు’ అనడం ఇష్టం. ‘అనుకున్నట్టు’, ‘మాట్లాడుకున్నట్టు’ అన్నప్పుడు ఆ ‘కొను’లోనే ఇద్దరూ ఉన్నారు.

రెండో ‘మేము’ తప్పు కాదు, అనవసరం. ‘పర్చేజ్ ఆర్డర్ మార్చాం’ చాలు.

మూడోది ప్రమాదకరం, పైగా మనిషిని బట్టి మారుతుంది. శుక్రవారానికి పని కావాల్సింది ఎవరికి, చేయాల్సింది ఎవరు? ఇంగ్లీషు ‘వియ్’ దీన్ని హాయిగా దాచేస్తుంది. పెట్టెలు కావాల్సింది మీకు, చేసి పంపాల్సింది ఆయన. ‘మేము ముగించాలి’ అంటే అది మీ పనేనని ఆయన ఊరుకుంటాడు. ‘మనం పూర్తి చేయాలి’ అంటే మర్యాదగానే ఉంటుంది కానీ, ఆలస్యమైనప్పుడు ‘మనం అన్నారు కదండీ, మీ వైపు నుంచి డిజైన్ రాలేదు’ అని ఆయన అనొచ్చు, ఆ మాటకి బలమూ ఉంటుంది. ‘పెట్టెలు మాకు శుక్రవారం సాయంత్రానికల్లా కావాలి’ అంటే ఏ గొడవా లేదు. పనిలో పనిగా, ‘శుక్రవారం లోపు’ అంటే శుక్రవారం కూడా లెక్కలోకి వస్తుందా రాదా అని కొందరు అడుగుతారు. ‘సాయంత్రానికల్లా’ అంటే ఎవరూ అడగరు. ‘ముగించడం’ కూడా వద్దు. వ్యాపారంలో ‘ఇది ముగిద్దాం’ అంటే తెగతెంపులు చేసుకుందాం అన్నట్టే. ఇంకొకరు దీన్నే ‘శుక్రవారం లోపు మనం తేల్చుకోవాలి’ అని రాశారు. అది కొట్లాటకి పిలుపు.

‘అభినందిస్తాము’ సంగతి. ‘అప్రీషియేట్’కి నిఘంటువులో అభినందించడం అని ఉండొచ్చు. కానీ అభినందించేది పైనున్నవాళ్లు, బాగా చేసినవాళ్లని. జవాబిచ్చినందుకు సరఫరాదారుని అభినందిస్తే ఆయన్ని బడిపిల్లాడిని చేసినట్టు. ఇంగ్లీషువాళ్లు అక్కడ అడిగేది సాయం. కాబట్టి ‘ఒకసారి చెప్పండి’ అని అడిగేయడమే. ఈ ‘ఒకసారి’, ‘కాస్త’ అనేవి మన ‘ప్లీజ్’లు. ‘దయచేసి’ని నేను బాకీ అడిగేటప్పటి కోసం దాచుకుంటాను.

‘పరిమాణం’ దొంగ స్నేహితుడు. ‘క్వాంటిటీ’కి అది సరిగ్గా సరిపోయినట్టే కనబడుతుంది. నీళ్లకీ సిమెంటుకీ సరిపోతుంది కూడా. పెట్టెల దగ్గర ‘పరిమాణం’ అంటే సైజు. ఎన్ని పంపుతారో చెప్పమంటే ఆయన పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో రాసి పంపుతాడు, తప్పు ఆయనది కాదు. ‘ఎన్ని పెట్టెలో’ అని అడగండి. ‘ధ్రువీకరించడం’ కూడా అలాంటిదే. కుల ధ్రువీకరణ పత్రం, జనన ధ్రువీకరణ పత్రం విన్న చెవికి అది ముద్ర వేసి సంతకం పెట్టే పనిలా వినబడుతుంది. ‘కన్ఫర్మ్ చేయండి’ అని తెలుగు లిపిలో రాస్తే భాషకి వచ్చిన నష్టమేమీ లేదు.

చివరిది ‘నా మేనేజర్’. ఇది ‘మేము’ గొడవకి రెండో ముఖం. ఇంగ్లీషులో ‘మై’ అని ఉన్నచోట తెలుగులో చాలాసార్లు ‘మా’ వస్తుంది. మా ఊరు, మా ఇల్లు, ఆఖరికి మా ఆవిడ. ‘నా కంపెనీ’ అంటే మీరు యజమాని. జీతం తీసుకునేవాళ్లు ‘మా కంపెనీ’ అంటారు. మేనేజర్, టీమ్ కూడా అంతే. బయటివాళ్లకి రాసేటప్పుడే సుమా. పక్క సీటాయనకి ‘మా కంపెనీలో’ అని రాస్తే ఆయన ఉద్యోగం ఊడిందేమో అని కంగారు పడతాడు. లోపలివాళ్లకి ‘మన’.

అన్నీ సరిచేస్తే:

‘సోమవారం ఫోన్లో అనుకున్నట్టు పర్చేజ్ ఆర్డర్ మార్చాం, జతచేశాను. పెట్టెలు మాకు శుక్రవారం సాయంత్రానికల్లా కావాలి. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు మీకు ఫోన్ చేస్తారు. ఎన్ని పెట్టెలు పంపగలరో ఒకసారి కన్ఫర్మ్ చేయండి. మా మేనేజర్ గారిని కాపీలో పెట్టాను.’

కాపీలో మేనేజర్ ఉన్నప్పుడు ‘మా’నా ‘మన’నా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మెయిల్ ఎవరికి వెళ్తోందో వాళ్లని బట్టి రాయండి. కాపీలో ఉన్నవాళ్లు పక్కన నిలబడి వింటున్నట్టే లెక్క. అదే మెయిల్‌ని తర్వాత మీ గోడౌన్‌కి ఫార్వర్డ్ చేసేటప్పుడు పైన రాసే రెండు ముక్కల్లో మాత్రం ‘మన’కి మారాలి. లోపలివాళ్లూ బయటివాళ్లూ సమానంగా చదివే మెయిలైతే నా అడ్డదారి ఒకటుంది. సర్వనామం జోలికి పోకుండా ఊరి పేరో ఆఫీసు పేరో రాసేస్తాను: ‘విజయవాడ గోడౌన్‌కి’.

ఉద్యోగులకి హెచ్‌ఆర్ వాళ్లు రాసే మెయిళ్లలో ఇది తిరగబడుతుంది. ‘మన కంపెనీ సెలవుల నిబంధనలు మారాయి’ బాగుంది. కానీ ‘ఈ ఏడాది ఇంక్రిమెంట్లు మనం వాయిదా వేసుకున్నాం’ అని రాస్తే చదివేవాడికి ఒళ్లు మండుతుంది, వాయిదా వేసింది అతను కాదు కాబట్టి. కంపెనీ అందరిదీ, అక్కడ ‘మన’ పెట్టండి. నిర్ణయం మాత్రం తీసుకున్నవాళ్లదే. అక్కడ ‘యాజమాన్యం వాయిదా వేసింది’ అని ఉన్నమాట చెప్పేయండి.

అభ్యాసం. విషయం: సోమవారం నుంచి ఆఫీసు రెండో అంతస్తులోకి మారుతోంది, పాత లాండ్‌లైన్ నంబరు పనిచేయదు, కొత్త నంబరు తర్వాత ఇస్తారు, అప్పటిదాకా సెల్ నంబరుకి చేయాలి. దీన్ని మూడుసార్లు రాయండి: సరఫరాదారుకి ఒకటి, సొంత టీమ్‌కి ఒకటి, ఇద్దరూ కలిసి చదివేది ఒకటి. మొదటి రెండింటిలో ‘మేము’, ‘మనం’ అనే మాటలు రాకూడదు, ‘మా’, ‘మన’ రావచ్చు. మూడోదాంట్లో ఈ నాలుగూ రాకూడదు. ‘బడింది’ మూడింట్లోనూ నిషేధం. ఒక్కొక్కటి ఐదు వాక్యాలు దాటితే చదవను.