పండగ సేల్ పోస్టర్‌లో మార్పులు డిజైనర్‌కి మెయిల్‌లో ఎలా రాయాలి?

పోయినేడు బతుకమ్మ సేల్‌కి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా చీరల షాపు పోస్టర్‌లో "50% వరకు" అని ఉండాల్సిన చోట "వరకు" అన్న మాట చీమంత సైజులో పడింది. అన్ని చీరలూ సగం ధరకే అనుకుని వచ్చినవాళ్లతో కౌంటర్ దగ్గర మూడు రోజులు గొడవ. డిజైనర్‌ని అనలేను, "ఆఫర్ ఇంకా హైలైట్ చెయ్యండి" అని ఒక్క ముక్క రాసింది నేనే.

అందుకే ముందు పోస్టర్‌ని ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి గోడకి అంటించి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. చదవలేకపోయినవి, తప్పు పడ్డవి పెన్నుతో చుట్టి నంబర్లు వేయండి. షాపులో పనిచేసేవాళ్లకీ ఇంట్లోవాళ్లకీ అప్పుడే చూపించేయండి, ఎందుకంటే రోజుకో మార్పు పంపితే డిజైనర్‌కి విసుగు, ఒప్పుకున్న కరెక్షన్లు దాటితే మీకు అదనపు ఖర్చు. ఆ కాగితం ఫొటో జత చేసి, మెయిల్‌లో అవే నంబర్లు వాడండి. ప్రతి దానికీ ఎక్కడ, ఇప్పుడేముంది, ఏం కావాలి, ఈ మూడూ ఉండాలి.

నేనిప్పుడు ఇలా రాస్తున్నాను:

సబ్జెక్ట్: బతుకమ్మ సేల్ పోస్టర్, రెండో కరెక్షన్, గురువారం సాయంత్రం 5 లోపు

నమస్తే అన్నా,
మీరు పంపిన poster_v2.pdf లో 4 మార్పులు. ఫొటోలో అవే నంబర్లు వేశాను.
1. పైన ఎర్ర పట్టీ: "వరకు" చిన్నగా ఉంది. "50%" పక్కనే, అదే రంగులో, దాని ఎత్తులో కనీసం సగం ఉండాలి.
2. తేదీ: "సెప్టెంబర్ 21 - 30" తీసేసి "సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 2 వరకు" అని పెట్టండి.
3. మధ్య లైన్: "వస్త్రాలు"లో ఒత్తులు విడిపోయాయి. అక్షరానికి అతికి కిందే ఉండేలా సరిచేయండి.
4. కింద ఫోన్ నంబర్: పసుపు మీద బూడిద రంగు కనపడట్లేదు, నలుపు చేయండి.
బతుకమ్మ బొమ్మ, లోగో, పసుపు బ్యాక్‌గ్రౌండ్ అలాగే ఉంచండి.

ఆఖరి లైన్ మర్చిపోవద్దు, ఏది మార్చకూడదో చెప్పకపోతే నచ్చిన బొమ్మ కూడా జరిగిపోతుంది.

మూడో నంబర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఫొటోషాప్‌లో World-Ready Layout ఆన్‌లో లేకపోతే తెలుగు ఒత్తులు కిందకి చేరకుండా పక్కన పొల్లులా నిలబడతాయి. కొందరు వాడే పాత డీటీపీ ఫాంట్లలోనైతే మన ఫోన్‌లో టైప్ చేసింది నేరుగా అతకదు, మార్చుకోవాలి, ఆ మార్పులో అక్షరాలు చెడిపోతాయి. దానికి తోడు డిజైనర్ విని, చూసి మళ్లీ టైప్ చేస్తే ఇంకొన్ని తప్పులు పడొచ్చు, కాబట్టి తెలుగు మాటర్‌ని వాయిస్ మెసేజ్‌లోనో చేతిరాత ఫొటోలోనో పంపకుండా మెయిల్‌లోనే టైప్ చేయండి, తిరిగొచ్చాక స్త్ర, క్ష్మి, ర్షి లాంటివి ఒక్కొక్కటే చూడండి.

కొత్త ఫైల్ వచ్చాక పాతదాని పక్కన పెట్టి నంబర్ల వారీగా టిక్ కొట్టండి. పోస్టర్ మీదున్న ఫోన్ నంబర్‌ని చూసి ఇంకో ఫోన్ నుంచి డయల్ చేయండి, షాపు ఫోన్ మోగాకే ప్రింటింగ్‌కి పంపండి.