మన దగ్గర లేని సరుకును పట్టుకోవడం – 3వ పాఠం: రొయ్య అప్పడం

పోయిన పాఠంలో మీకొక పని ఇచ్చాను. మీ మండలంలో పండి, పెద్దగా మార్పేమీ లేకుండా లారీ ఎక్కి వెళ్ళిపోయే సరుకుల పేర్లు రాసుకోమన్నాను. భీమవరం, నరసాపురం, అమలాపురం వైపు వాళ్ళ కాగితంలో వరి, కొబ్బరి, రొయ్య ఉండే ఉంటాయి. ఈ పాఠంలో రొయ్యను పట్టుకుని వెళదాం.

విదేశాల్లో ఏది బాగా అమ్ముడుపోతోందని వెతకడం మొదలుపెట్టకండి. అలా వెతికితే అందరికీ కనపడేదే మీకూ కనపడుతుంది, మీరు చూసేసరికి దాన్ని దిగుమతి చేసేవాడు ఒకడు ఉండనే ఉంటాడు. మన సరుకులే పండే ఇంకో నేల ఎక్కడుందో ముందు చూడండి. గోదావరి డెల్టాకు అలాంటి జోడీ వియత్నాంలోని మెకాంగ్ డెల్టా. అక్కడా కాలువలు, వరిచేలే. బెన్ త్రే అనే ఊరికి కొబ్బరితో పేరు, కా మావ్‌కు రొయ్యల చెరువులతో పేరు. ఒకే సరుకు ఉన్న రెండు చోట్ల, వాళ్ళు చేసి మనం చెయ్యనిది ఏమిటన్నదే మన ప్రశ్న.

వెతికేటప్పుడు ఇంగ్లీషు పేరుతో ఆగిపోవద్దు. ఇంగ్లీషులో వెతికితే ఎక్కువగా ఎగుమతి కోసం పెట్టిన పేజీలే వస్తాయి. అక్కడి ఇళ్ళలో ఏం తింటారో తెలియాలంటే వాళ్ళ పేరు కొట్టాలి. రొయ్య అప్పడాన్ని చూడాలంటే వియత్నాం కోసం bánh phồng tôm అని, ఇండోనేషియా కోసం kerupuk udang అని కొట్టి వీడియోలు చూడండి. మాట అర్థం కాకపోయినా చేతులు ఏం చేస్తున్నాయో అర్థమవుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ వడియాలు పెట్టడమే గుర్తొచ్చింది. కర్రపెండలం పిండిలో రొయ్య ముద్ద కలిపి, కడ్డీలుగా చుట్టి, ఆవిరి మీద ఉడికించి, పల్చగా కోసి ఎండబెడతారు. నూనెలో వేస్తే పువ్వులా విచ్చుకుంటుంది. మెకాంగ్ డెల్టాలో సా డెక్, ఇండోనేషియాలో జావా దీవి మీది సిదోఅర్జో దీనికి పేరున్న ఊళ్ళు.

ఇక్కడ ఆగి మన నేల వైపు చూడండి. రొయ్య మన చెరువుల్లో ఉంది. కర్రపెండలం డెల్టా అంచున మెట్టలో పండుతుంది. సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లులు దాని మీదే నడిచాయి. రెండు ముడిసరుకులూ ఒక పూట ప్రయాణంలో దొరుకుతాయి, కానీ ఆ రెండూ కలిసిన సరుకు మన కిరాణా కొట్లో కనపడదు. రంగురంగుల గొట్టాలు ఉంటాయి, వాటిలో రొయ్య ఉండదు.

ఎగుమతి అంకెలు చూస్తే తెలియదా అని అడగవచ్చు. ఇలాంటి సరుకుకు అవి పెద్దగా పనికిరావు. ప్రపంచ వ్యాపార లెక్కల్లో బ్రెడ్డు, బిస్కెట్లు, కేకులు అన్నీ 1905 అనే కోడు ఉన్న ఒకే పద్దులో పడతాయి, మన అప్పడం కూడా అందులోనే. ఆ పెద్ద అంకెలో రొయ్య అప్పడం వాటా ఎంతో విడిగా తెలియదు. అంకెల కంటే కొట్టు అరలే నయం. సింగపూర్‌లోనో మలేషియాలోనో మీ వాళ్ళుంటే, అక్కడి మామూలు కొట్లో ఈ అప్పడాల అరను ఫొటో తీసి పంపమనండి. ఎన్ని కంపెనీలవి ఉన్నాయి, ఎంత చిన్న ప్యాకెట్టు ఉంది, పచ్చివి ఎక్కువా వేయించినవి ఎక్కువా, రొయ్య ఎంత శాతమని రాశారు అన్నవి చూడండి. పచ్చి ప్యాకెట్లు ఎక్కువుంటే జనం ఇంట్లో వేయించుకుంటున్నారని అర్థం.

ఇక అసలు కష్టమైన ప్రశ్నకు వద్దాం. మన దగ్గర ఎందుకు లేదు? ఎవరికీ తోచకా, తోచినా కుదరకా? ఈ తేడా తేలకుండా డబ్బు పెట్టకూడదు. అదే మెకాంగ్‌లో బియ్యంతో పల్చటి రేకులు చేసి, అందులో ఆకులు, మాంసం చుట్టి తింటారు. రేకు చేసే పనితనం మన ఆత్రేయపురంలోనూ ఉంది. కానీ పచ్చి ఆకులు చుట్టుకుని తినే అలవాటు మన భోజనంలో లేదు కాబట్టి ఆ సరుకును నేను జాబితాలోంచి కొట్టేశాను. రొయ్య అప్పడం సంగతి వేరు. ఎండు రొయ్యలు, రొయ్యపొట్టు రుచి మనకు కొత్త కాదు, అప్పడం కొరకడం అంతకన్నా కొత్త కాదు. అడ్డం వేరే చోట ఉంది. మన ఇంట్లో అప్పడం పప్పు పక్కన, సాంబారు పక్కన కూర్చుంటుంది. రొయ్య వేయించిన నూనెలో మళ్ళీ మామూలు అప్పడం వేయించడానికి చాలామంది ఒప్పుకోరు. కార్తీకమాసంలో అమ్మకం పడిపోతుంది. అందుకని దీన్ని కిరాణాలో అప్పడాల పక్కన పెట్టడం పొరపాటని నా నమ్మకం. బిర్యానీ హోటళ్ళు, కర్రీ పాయింట్లే దీని చోటు.

తేల్చుకోవడానికి చేసి చూడాలి. కిలోకు వంద తూగే 100 కౌంటు వనామీ రొయ్యలు అర కిలో తెస్తే, తల, పెంకు, నరం తీశాక సుమారు పావు కిలో మాంసం వస్తుంది. దాన్ని మెత్తగా రుబ్బి, రెండు చెంచాల ఉప్పు, రెండు చెంచాల పంచదార, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి, అర కిలో కర్రపెండలం స్టార్చ్‌లో కలపండి. సగ్గుబియ్యం కాదు, పొడి స్టార్చే కావాలి. వేడినీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ ముద్దలా చేసి, రెండు వేళ్ళ మందాన కడ్డీలు చుట్టి, గంటసేపు ఆవిరి మీద ఉంచండి. చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడి, పల్చగా తెగుతాయి. రెండు మిల్లీమీటర్ల మందం మించకూడదు. ఆపైన రెండు రోజుల మంచి ఎండ కావాలి.

తప్పు ఎక్కడ జరిగిందో నూనెలోనే తెలుస్తుంది. నడుమ తెల్లటి గట్టి చుక్క మిగిలితే కడ్డీ లోపలిదాకా ఉడకలేదు. ఉడికిన పిండిలో మిగిలిన కొద్ది తేమే వేడి నూనెలో ఆవిరై అప్పడాన్ని ఉబ్బిస్తుంది. తేమ ఎక్కువుంటే సాగుతుంది, నూనె పీలుస్తుంది. అసలు లేకపోతే ఉబ్బదు. విరిస్తే టప్పుమని విరగాలి, వంగకూడదు. నా మొదటి విడత శ్రావణంలో పెట్టాను. మూడు రోజులు మబ్బు పట్టి అంతా వాసన వచ్చి పారబోశాను. వానాకాలంలో కూడా సరఫరా చెయ్యాలంటే ఎండబెట్టే డ్రయ్యరు కావాలి, పెట్టుబడి లెక్కలో దాన్ని మొదట రాయండి. ప్యాకెట్టు మీద మాంసాహారానికి పెట్టే గోధుమరంగు త్రికోణం గుర్తు, రొయ్య ఉందన్న అలర్జీ హెచ్చరిక తప్పనిసరి.

రుచి చూపించి బాగుందా అని అడగకండి. చుట్టాలు బాగుందనే అంటారు. మీ ఊరి కర్రీ పాయింటు అతనితో మాట్లాడి, నాలుగు అప్పడాల కవరుకు ధర కట్టి, శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఇరవై కవర్లు పెట్టించండి. కొన్నవాళ్ళలో ఎంతమంది మళ్ళీ వచ్చి అడిగారో అతన్ని గీతలు పెట్టమనండి. మరుసటి వారం కూడా అదే చెయ్యండి. ఆ గీతల కాగితం, మీ ఖర్చుల కాగితం రెండూ దగ్గర పెట్టుకోండి. 4వ పాఠంలో ఆ రెండింటితో కిలోకు ఎంత పడుతుందో, ఎంతకు అమ్మితే నిలుస్తుందో లెక్క వేద్దాం.