వెయిటేజీలు కూడితే 100 వస్తోంది, ఫైనల్ స్కోరు మాత్రం తేడా. తప్పు ఎక్కడుంది?

విజయనగరంలో డిగ్రీ చదువుతున్న చీపురుపల్లి కుర్రాడొకడు తన మార్కుల షీటు పట్టుకొచ్చాడు. "సార్, షీట్లో 76 ఏసారు. నేను కాయితం మీద ఏసుకుంటే 69 వస్తంది. ఏటిది?" అన్నాడు. ఆ షీటులో ఉన్నవి ఇవి:

| అంశం | వెయిటేజీ | వచ్చినవి | గరిష్ఠం |
|---|---|---|---|
| అసైన్‌మెంట్లు | 10 | 18 | 20 |
| క్విజ్ | 10 | 12 | 15 |
| మిడ్ | 20 | 21 | 30 |
| రికార్డు | 10 | 40 | 50 |
| సెమిస్టర్ పరీక్ష | 50 | 45 | 75 |

సమస్య: వెయిటేజీల మొత్తమే 100 రావడం లేదు

స్కోరు జోలికి వెళ్లకముందే ఇది చూడాలి. ఇక్కడ మొత్తం 100 ఉంది కాబట్టి ఈ మెట్టు దాటాం. మీ షీటులో రాకపోతే, ఎంత తేడా వచ్చిందో ఆ అంకెనే పట్టుకోండి. 120 వచ్చిందంటే 20 ఎక్కువ. 20 వెయిటేజీ ఉన్నది మిడ్. చాలాసార్లు 'మిడ్ 20' అని ఒక వరుస రాసి, దాని కిందే 'మిడ్-1 10, మిడ్-2 10' అని మళ్లీ రాస్తారు. `SUM` ఆ మూడింటినీ కూడేస్తుంది. పై వరుసను కూడికలోంచి తీసేస్తే సరిపోతుంది.

80 వస్తే రెండు కారణాలు చూడాలి. 20 అన్న అంకె సెల్‌లో అక్షరాలుగా పడి ఉంటే `SUM` దాన్ని వదిలేస్తుంది. అలాంటి అంకె సాధారణంగా సెల్‌లో ఎడమవైపుకు జరిగి కనిపిస్తుంది. ఆ ఒక్క వరుసలో `20%` అని కొట్టి ఉంటే షీటు దాన్ని 0.2గా తీసుకుంటుంది, అప్పుడు మొత్తం 80.2 అవుతుంది. దశాంశాలు దాచి ఉంటే అదీ 80గానే కనిపిస్తుంది. రెండు సందర్భాల్లోనూ సెల్‌ను నంబర్ ఫార్మాట్‌లోకి మార్చి 20 అని మళ్లీ కొట్టాలి.

సమస్య: మొత్తం 100 ఉంది, స్కోరు కలవడం లేదు

ముందు చేత్తో వేసి చూద్దాం. ప్రతి అంశంలో వచ్చిన మార్కును దాని గరిష్ఠంతో భాగించి, వెయిటేజీతో గుణించాలి. మిడ్‌లో 30కి 21 వచ్చాయి, అంటే 0.7. దాన్ని 20తో గుణిస్తే 14. మిగతావీ ఇలాగే వేస్తే వరుసగా 9, 8, 14, 8, 30 వస్తాయి. మొత్తం 69. కుర్రాడి లెక్కే నిజం.

మరి 76 ఎక్కడిది? తప్పు అంకెకీ ఒక దారి ఉంటుంది, ఆ దారిన వెనక్కి నడవాలి. అయిదు అంశాల శాతాలు 90, 80, 70, 80, 60. వీటికి మామూలు సగటు తీస్తే సరిగ్గా 76. అంటే వెయిటేజీల కాలమ్‌ను షీటులో రాసుకున్నారే గానీ, ఫార్ములాలో వాడలేదు. 50 వెయిటేజీ ఉన్న సెమిస్టర్ పరీక్షనూ, 10 ఉన్న క్విజ్‌నూ ఒకే లెక్కన చూశారు.

76 బదులు 71.58 కనిపించి ఉంటే కారణం వేరు. వచ్చిన మార్కులన్నీ కలిపితే 136, గరిష్ఠాలన్నీ కలిపితే 190. ఒకదాన్ని రెండోదానితో భాగించారన్నమాట. ఇక్కడా వెయిటేజీ లెక్కలోకి రాలేదు. 50 మార్కులకు పెట్టిన రికార్డు 30 మార్కుల మిడ్ కన్నా బరువైపోయింది.

సెమిస్టర్ పరీక్ష ఇంకా జరగకుండానే 39 అని చూసి పిల్లలు కంగారు పడతారు. అప్పటికి అయినవి 50 వెయిటేజీకే. 39ని 50తో భాగిస్తే 78 శాతం. దాన్ని 'ఇప్పటివరకు' అని వేరే గడిలో చూపించాలి, ఫైనల్ అని రాయకూడదు. అయితే పరీక్షకు రానివాళ్లకు ఈ మినహాయింపు ఇవ్వాలా, సున్నా వేయాలా అన్నది కోర్సు నిబంధన తేల్చాలి, ఫార్ములా కాదు.

వెయిటేజీలు B, వచ్చినవి C, గరిష్ఠాలు D కాలమ్‌లో ఉంటే ఈ రెండు ఫార్ములాలు చాలు:

```
=SUM(B2:B6)
=SUMPRODUCT(B2:B6, C2:C6/D2:D6)
```

మొదటిదానికి 100, రెండోదానికి 69 రావాలి.

సమస్య: రెండూ కలిశాయి, అయినా తప్పే

దీన్ని పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. షీటులో మిడ్‌కి 25, రికార్డుకి 5 పడ్డాయనుకోండి. మొత్తం మళ్లీ 100 వస్తుంది. స్కోరు 68.5. షీటులో ప్రకటించిందీ 68.5 అయితే ఏ ఫార్ములా తప్పు చూపించదు, ఎందుకంటే కూడికకు ఒక వరుసలో ఎక్కినదీ మరో వరుసలో తగ్గినదీ తెలియవు. సెమిస్టర్ మొదట్లో క్లాసుకు ఇచ్చిన కోర్సు ప్లాన్ కాగితం తీసి, షీటు పక్కన పెట్టి, వరుస వరుసకూ వెయిటేజీ సరిచూడటమే దీనికి మార్గం. తేడా దొరికితే ఒక్క కుర్రాడి స్కోరు దిద్ది ఆగిపోకూడదు. అవే వెయిటేజీలు క్లాసందరికీ పడ్డాయి కాబట్టి ప్రతి వరుసా మళ్లీ లెక్కించి, మారిన స్కోర్లను పాత వాటి పక్కనే చూపించి నోటీసు బోర్డులో పెట్టాలి.